చలికాలం వెల్లుల్లి: పోయినేడు ఆకే వచ్చింది, గడ్డ ఊరలేదు. ఎక్కడ పొరబడ్డాను?

సుజాత_శంకర్‌పల్లి
2023 సెప్టెంబరు 28, రాత్రి 9:10

నమస్కారం అండీ. శంకర్‌పల్లి దగ్గర మా ఇంటి వెనక నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున్న మడి ఒకటి ఉంది. ఎర్ర నేల. నాలుగేళ్ళుగా పశువుల ఎరువు వేసి గుల్ల చేసుకుంటూ వచ్చాను. పోయిన ఏడాది నవంబరు 25న అందులో వెల్లుల్లి పెట్టాను. సూపర్ మార్కెట్లో కొన్న గడ్డలు, ఒక్కో రెబ్బ బొటనవేలంత ఉంది. అంత లావు రెబ్బ పెడితే గడ్డ ఇంకా పెద్దగా వస్తుందనుకున్నాను.

ఆకు మాత్రం చక్కగా పెరిగింది. ఏప్రిల్ ఎండలకు అంతా ఎండిపోయాక తవ్వి చూస్తే సగం మొక్కల కింద లావెక్కిన కాడ తప్ప ఏమీ లేదు. మిగతావి గోళీకాయంత ఒంటి గడ్డలు, రెబ్బలుగా విడలేదు. ఈసారి ముందే అడిగి పెట్టాలనుకుంటున్నాను. ఎప్పుడు పెట్టాలి, ఎంత ఎడం ఉంచాలి, ఎరువు ఎప్పుడు వేయాలి? అన్నిటికంటే ముఖ్యంగా, గడ్డ తయారైందని మట్టి తవ్వకుండా ఎలా తెలుస్తుంది?

---

రఘు_మిద్దెతోట
2023 సెప్టెంబరు 28, రాత్రి 10:02

సుజాత గారూ, వెల్లుల్లికి చలి కావాలి. మన హైదరాబాద్ చలి దానికి చాలదు. రెబ్బలను కాగితం కవర్లో పెట్టి ఇరవై రోజులు ఫ్రిజ్‌లో ఉంచి ఆ తర్వాత పెట్టండి. ఎరువు విషయానికొస్తే నెలకోసారి గుప్పెడు యూరియా వేస్తూ పోండి, ఆకు ఎంత ఉంటే గడ్డ అంత ఊరుతుంది. నేను పోయినేడు పన్నెండు అంగుళాల గ్రోబ్యాగ్‌లో ఇరవై రెబ్బలు పెట్టాను. గడ్డలు చిన్నవే కానీ రెబ్బలు విడ్డాయి.

---

ఖేడ్_మాణయ్య
2023 సెప్టెంబరు 29, ఉదయం 5:48

సుజాతక్కా, మీది నేల తప్పు గాదు, గడ్డ తప్పు. ఇంకోటి, నెల దాటిపోయినంక పెట్టిన్రు.

మాది నారాయణఖేడ్ దిక్కు. ఎల్లిగడ్డ మా నాయన కాలంనుంచి పెడ్తున్నం. ఆ బొటనవేలంత రెబ్బ కొండల మీద పండే రకం అయ్యుంటది. హిమాచల్, కాశ్మీర్ దిక్కు గడ్డలు మార్కెట్ల దొరుకుతయి, చూడనీకె మస్తుగుంటయి. అవి మన దగ్గర పెడితే ఆకు ఏసుకుంట కూసుంటయి. ఎందుకంటే చలి తిన్నంక పొద్దు పెరిగితేనే ఎల్లిగడ్డ ఊరుతది. ఆ రకాలకు పగలు మస్తు పొడుగు గావాలె. అంత పొడుగు పగలు మనకు రాదు, ఆలోపు ఎండలు ముదిరి మొక్క సస్తది.

మనకు చిన్న పగటి రకాలు గావాలె. యమునా సఫేద్-3 (జి-282) ఉన్నది, భీమా పర్పుల్ ఉన్నది. మా ఊళ్ళ నాటు గడ్డ కూడ నడుస్తది. గడ్డకు పదిహేను, పదహారు రెబ్బలుంటయి, రెబ్బ సన్నగనే ఉంటది. దాన్ని చూసి చిన్నబోవద్దు.

పెట్టేది దసరా, దీపావళి నడుమ. నవంబరు నడుమ దాటితే మొక్క ఆకు కట్టుకునేలోపే పొద్దు పెరుగుడు షురువైతది. ఆకు లేని మొక్క గోళీ అంత గడ్డనే పెడ్తది. మీకు వచ్చిన ఒంటి గడ్డలు గవే.

---

లలిత_మిషిగన్
2023 సెప్టెంబరు 29, సాయంత్రం 6:20

మేము కూడా ప్రతి ఏడూ వేస్తాం సుజాతా. అక్టోబరులో రెబ్బలు పెట్టి పైన అడుగు మందం ఎండుగడ్డి కప్పేస్తాం. మంచు కింద నిద్రపోయి మార్చిలో లేస్తాయి. గడ్డ ఎప్పుడు తీయాలో తెలుసుకోవడం చాలా తేలిక. జూన్‌లో నడుమ నుంచి మెలితిరిగిన పూకాడ వస్తుంది, అది కోసేసిన మూడు నాలుగు వారాలకు తవ్వేయడమే. ఆ కాడలతో పచ్చడి ఎంత బాగుంటుందో! నువ్వు కూడా పూకాడ కోసం చూడు.

---

ఖేడ్_మాణయ్య
2023 సెప్టెంబరు 29, రాత్రి 8:35

లలితమ్మా, మీది గట్టి మెడ రకం. మా రకాలకు పూకాడ రాదు. సుజాతక్క దాని కోసం సూసుకుంట కూసుంటే గడ్డ మట్టిలనే పలుగుతది. మెత్త మెడ గడ్డకు గుర్తులు వేరే.

---

లలిత_మిషిగన్
2023 సెప్టెంబరు 30, ఉదయం 7:05

అవును మాణయ్య గారూ, నేను మా రకం గురించే చెప్పాను. మీరన్న పగటి పొడుగు మాట మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం. జూన్‌లో మాకు పగలు పదిహేను గంటల పైన ఉంటుంది. హైదరాబాద్‌లో అదే జూన్‌లో పదమూడు గంటలకు కాస్త ఎక్కువ, అంతే. మా రకం గడ్డ అక్కడ ఎందుకు ఊరదో ఇప్పుడు అర్థమైంది. పోయినసారి అమ్మకు ఇక్కడి నుంచి రెబ్బలు పంపుదామనుకున్నాను, పంపకపోవడమే మంచిదైంది.

---

కాకినాడ_పద్మ
2023 సెప్టెంబరు 30, మధ్యాహ్నం 2:15

మాణయ్య గారూ, మా కాకినాడలో సంక్రాంతికి కూడా రాత్రిళ్ళు పెద్ద చలి ఉండదండి. మూడేళ్ళు ప్రయత్నించాను, ఎప్పుడూ ఆకే. గడ్డ కోసం ఏదైనా మార్గం ఉందా?

---

ఖేడ్_మాణయ్య
2023 సెప్టెంబరు 30, రాత్రి 8:50

సముద్రం పక్కన గడ్డ ఊరుడు కష్టం, అమ్మా. ఉప్పు గాలి గాదు, రాత్రి చలి లేకపోవుడే అసలు కారణం. మీరు ఆకు కోసం పెట్టుకోన్రి. రెబ్బలు దగ్గర దగ్గర గుచ్చి, జానెడు ఆకు రాంగనే కోసుకుంటే మల్ల పెరుగుతది. పప్పుల ఏసుకోవచ్చు, పచ్చి కారంల దంచుకోవచ్చు.

---

సుజాత_శంకర్‌పల్లి
2023 అక్టోబరు 1, రాత్రి 9:30

మాణయ్య గారు చెప్పినట్టే ఈ ఆదివారం సదాశివపేట వెళ్ళి నాటు గడ్డ అరకిలో తెచ్చాను. తెల్లగా, లేత ఊదా చారలతో ఉన్నాయి. మార్చిలో తీసినవట. రఘు చెప్పిన ఫ్రిజ్ మాట కూడా తేల్చుకుందామని ఇరవై మూడు రెబ్బలు కాగితం సంచిలో చుట్టి ఈ రోజే ఫ్రిజ్‌లో పెట్టాను. ఒక్క సాలుకి అవే పెడతాను, మిగతా ఆరు సాళ్ళకు మామూలువి. ఏది బాగుంటే అదే ఈ చోట చెబుతాను.

---

ఖేడ్_మాణయ్య
2023 అక్టోబరు 2, ఉదయం 5:40

ఫ్రిజ్ మాట నేను కొట్టిపారెయ్య. కానీ ఖేడ్ చలి, మీ దగ్గరి చలి ఈ రకాలకు చాలుతది. మస్తు రోజులు చల్లగ ఉంచిన రెబ్బ తొందరగ గడ్డ పెట్టి, పక్కపొంటి పిలకలు తీస్తదని నాకు అనుమానం. ఒక్క సాలు పెట్టి చూసుడు మంచిగనే ఉన్నది.

పెట్టే ముందు ఒక పని జేయిన్రి. ఒక రెబ్బను నిలువునా చీరి చూడున్రి. నడుమ పచ్చ మొలక ఉంటది. అది రెబ్బ పొడుగుల సగం దాటి పైకి వచ్చిందంటే నిద్ర తీరినట్టు, మట్టిల పడంగనే లేస్తది. ఇంకా కిందనే ఉన్నదంటే పది రోజులు ఆగాలె.

గడ్డను పెట్టే ముందురోజే విడదీయాలె. పొట్టు తీయొద్దు. నడుమ సన్నటి రెబ్బలు వంటకు పెట్టుకోన్రి, బయటి వరుస లావు రెబ్బలనే పెట్టాలె. మూతి పైకి, అడుగు కిందికి. రెబ్బ మీద రెండు వేళ్ళ మందం మన్ను చాలు. సాలుకు సాలుకు ఆరంగుళాలు, రెబ్బకు రెబ్బకు నాలుగంగుళాలు. రఘు తమ్ముడు పన్నెండు అంగుళాల బ్యాగ్‌ల ఇరవై పెట్టిండు, గందుకే చిన్నగొచ్చినయి. ఆ బ్యాగ్‌కు ఏడు సరిపోతయి.

---

రఘు_మిద్దెతోట
2023 అక్టోబరు 2, సాయంత్రం 7:15

ఏడేనా అన్నా! ఒక్క బ్యాగ్‌కి ఏడంటే మరీ తక్కువ కదా. మరి అడుగుకొకటి పెడితే ఇంకా పెద్దవి రావూ?

---

ఖేడ్_మాణయ్య
2023 అక్టోబరు 2, రాత్రి 9:05

మరీ ఎడం ఉన్నా నష్టమే తమ్మీ. నడుమల గడ్డి మొలుస్తది. ఎల్లిగడ్డ ఏరు మీదనే ఉంటది, గడ్డి పీకుతుంటే అది తెగుతది. ఇంకోటి, ఎరువు, నీళ్ళు మస్తు దొరికిన మొక్క గడ్డ పెట్టుడు ఇడిసి పిలకలు తీస్తది. ఆరుకు నాలుగు అన్నది తాతల లెక్క, దాని మీద నేనూ తేడా చేసి చూసిన, మంచిగ రాలే.

---

అనంత_వసుంధర
2023 అక్టోబరు 4, ఉదయం 11:00

మాది అనంతపురం. తెల్లగడ్డ అంటాము మేము. ఇంట్లో పెట్టుకున్న తెల్లగడ్డలు ప్రతి ఏడూ మొలకలొచ్చి పాడైపోతాయి. దానికేం చేయాల? ఇక్కడ ఎవరైనా చెప్తారేమోనని చూస్తున్నా.

---

సుజాత_శంకర్‌పల్లి
2023 అక్టోబరు 4, మధ్యాహ్నం 1:20

వసుంధర గారూ, ఇక్కడ చర్చ పెట్టి పండించడం గురించి నడుస్తోంది. మీ ప్రశ్నకు మాణయ్య గారు గడ్డలు తీసే సమయానికి ఏమైనా చెబుతారేమో, అప్పటిదాకా చూస్తూ ఉండండి.

---

సుజాత_శంకర్‌పల్లి
2023 అక్టోబరు 22, రాత్రి 8:45

ఇవాళ పెట్టేశాను. రెబ్బను చీరి చూశాను, పచ్చ మొలక సగం దాటింది. ఏడు సాళ్ళు, సాలుకు ఇరవై మూడు, మొత్తం నూట అరవై ఒకటి. గోడ వైపు మొదటి సాలు ఫ్రిజ్‌లో ఉంచినవి. మడిలో రెండు గంపల మాగిన పశువుల ఎరువు, తొంభై గ్రాముల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, ఇరవై అయిదు గ్రాముల పొటాష్ కలిపి తవ్వాను. మా ఊరి ఎరువుల కొట్టాయన ఎకరాకు చెప్పిన లెక్కను మా మడికి తగ్గించి వేశాను. పైన పలచగా వరిగడ్డి పరిచాను.

---

ఖేడ్_మాణయ్య
2023 అక్టోబరు 23, ఉదయం 5:55

లెక్క సరిపోయింది అక్కా. సూపర్‌ల గంధకం కూడ ఉంటది, ఎల్లిగడ్డ ఘాటుకు అదే ఆధారం. యూరియా ఇప్పుడు వద్దు, ఎరువు ఉన్నది.

ముందు ముందు ఎరువు రెండే తాపలు ఎయ్యాలె. ముప్పై రోజులకు ఒకటి, నలభై అయిదు రోజులకు ఒకటి. అమ్మోనియం సల్ఫేట్ దొరికితే మీ మడికి తాపకు ముప్పై అయిదు గ్రాములు, సాళ్ళ నడుమ చల్లి నీళ్ళు పోయిన్రి. దొరకకపోతే వేరుశనగ చెక్క రెండు రోజులు నానబెట్టి ఆ నీళ్ళు పోయిన్రి. అరవై రోజులు దాటినంక నత్రజని ఎరువు ఏదీ వద్దు, ఆకు పసుపు ఎక్కినా వద్దు.

---

సుజాత_శంకర్‌పల్లి
2023 నవంబరు 6, రాత్రి 8:10

నూట యాభై ఒకటి మొలిచాయి. మిగతా పదింటిని తవ్వి చూస్తే నాలుగు తలకిందులుగా పడి మొలక వంకరపోయింది, ఆరు కుళ్ళాయి. రెండు రోజులకోసారి నీళ్ళు పోస్తున్నాను.

---

ఖేడ్_మాణయ్య
2023 నవంబరు 7, ఉదయం 6:00

మొలిచేదాక సరే, ఇప్పుడు తగ్గించున్రి. నాలుగు రోజులకొకసారి పోయిన్రి, పోసినప్పుడు మాత్రం నిండుగ. ఎరువు కంటే నీళ్ళు తేడా కొడితేనే గడ్డ ఎక్కువ పలుగుతది. పది రోజులు ఎండబెట్టి ఒక్కపాలి ముంచితే ఇగ అంతే.

---

రఘు_మిద్దెతోట
2024 జనవరి 5, ఉదయం 9:20

అందరికీ కొత్త సంవత్సరం శుభాకాంక్షలు. నావి 74 రోజులవి. ఆకుల కొసలు పసుపు రంగు తిరిగాయి. పోషకం తక్కువైందని నిన్న పావు చెంచా యూరియా వేశాను. ఇంకో రెండు వారాల్లో తీయొచ్చని కూడా అనిపిస్తోంది, ఉల్లిగడ్డకు కూడా ఆకు పసుపైతేనే కదా తీస్తారు.

---

సుజాత_శంకర్‌పల్లి
2024 జనవరి 5, మధ్యాహ్నం 12:40

నావి కూడా 75 రోజులవి, కొసలు పసుపుగానే ఉన్నాయి. రెండు తాపలు ఎరువు వేశాను, నవంబరు 21న, డిసెంబరు 6న. ఇప్పుడేం చేయాలి మాణయ్య గారూ?

---

ఖేడ్_మాణయ్య
2024 జనవరి 5, రాత్రి 9:40

ఆకు పసుపు ఎన్నో రకాలుగ ఉంటది. ఎక్కడ మొదలైంది, ఎట్ల పోతున్నది, అది చూడాలె.

ముదిరిన గడ్డకు అన్నిటికంటే కింది ముసలి ఆకు మొదలు ఎండుతది. అది మొత్తం ఎండి కాగితం లెక్క అయితది, అటెన్క దాని పైది. పై ఆకులు మాత్రం పచ్చగనే ఉంటయి. మీ దగ్గర అన్ని ఆకులకు కొసలు మాత్రమే పసుపు ఉన్నదంటే అది ముదురుడు గాదు. ఒక ఆకు మడిచి లోపలి పక్క చూడున్రి. వెండి లెక్క తెల్ల గీతలు, సన్నటి పురుగులు ఉంటే తామర పురుగు. ఆకు నడుమ ఊదా రంగు మచ్చ, చుట్టు పసుపు వలయం ఉంటే ఊదా మచ్చ తెగులు. ఏదీ లేక కొస మాత్రమే ఎండితే నీళ్ళల్ల తేడా అయ్యుంటది.

రఘు తమ్మీ, యూరియా ఎందుకేసినవ్? ఇప్పుడు మొక్క గడ్డ పెట్టే టైమ్. నత్రజని ఇస్తే గడ్డల రెబ్బలే మొలకలు తీసి బయటికొస్తయి. ఇగ నీళ్ళు మాత్రం ఎక్కువ పోయకు.

---

సుజాత_శంకర్‌పల్లి
2024 జనవరి 6, సాయంత్రం 5:30

చూశాను, ఆకు మడతల్లో తామర పురుగులు ఉన్నాయి. వేపనూనె లీటరుకు అయిదు మిల్లీలీటర్లు, రెండు చుక్కల సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం పూట చల్లాను. వారం తర్వాత మళ్ళీ చల్లుతాను.

---

రఘు_మిద్దెతోట
2024 జనవరి 30, రాత్రి 10:15

అన్నా, మీరు అన్నట్టే జరిగింది. రెండు బ్యాగుల్లో తొమ్మిది మొక్కలకు కాడ పక్కనుంచి సన్నటి పిలకలు వస్తున్నాయి. ఒకటి పీకి చూశాను, గడ్డ తయారు కాకముందే లోపలి రెబ్బ మొలకెత్తింది. రెండు బ్యాగులకూ యూరియా వేశాను, మూడో దానికి వేయలేదు. మూడో బ్యాగ్‌లో ఒక్కటి కూడా లేదు.

---

ఖేడ్_మాణయ్య
2024 జనవరి 31, ఉదయం 6:05

నీ చేతులతోనే నువ్వు నేర్చుకున్నవ్ తమ్మీ, మంచిగ రాసిపెట్టుకో. ఆ రెండు బ్యాగులల్ల గడ్డ నిల్వ ఉండదు. ఆకు కోసుకొని తినేయి, మూడో బ్యాగ్‌కు చేయి పెట్టకు.

---

సుజాత_శంకర్‌పల్లి
2024 ఫిబ్రవరి 10, రాత్రి 8:20

111 రోజులు. ఫ్రిజ్ సాలు ముందే వెనక్కు వాలుతోంది. ఇరవై ఒక్క మొక్కల్లో ఆరింటికి పక్క పిలకలు వచ్చాయి. మిగతా సాళ్ళలో ఎక్కడా లేవు. ఇవాళ పరీక్షగా మూడో సాలు నుంచి ఒకటి తీసి అడ్డంగా కోశాను. రెబ్బలు కనిపిస్తున్నాయి కానీ వాటి మధ్య పొట్టు తడిగా, మందంగా ఉంది. పచ్చి ఉల్లిపాయలా పైపొరలు గడ్డకు అంటుకుని ఉన్నాయి.

---

ఖేడ్_మాణయ్య
2024 ఫిబ్రవరి 10, రాత్రి 9:45

ఇంకా పది, పదిహేను రోజులు. ఇప్పుడు తీస్తే గడ్డ ఎండినంక కుదించుకపోతది, నిల్వ ఉండదు.

ఇగ అసలు మాట. ఆకు లెక్క పెట్టున్రి. ఒక్కొక్క ఆకు కిందికి పోయి గడ్డ మీద ఒక పొర అయితది. కింది ఆకు ఎండిందంటే దాని పొర ఎండినట్టు, తడి మట్టిల ఉంటే అది కుళ్ళి పోతది కూడ. అన్ని ఆకులు ఎండేదాక ఆగితే గడ్డకు పొర మిగలదు, రెబ్బలు విడిపోయి మట్టిలనే మొలుస్తయి. పోయినేడు మీరు ఏప్రిల్‌దాక ఆగింది కూడ గిదే తప్పు. మూడు నాలుగు కింది ఆకులు ఎండినయి, పైన నాలుగైదు పచ్చగ ఉన్నయి అంటే టైమ్ దగ్గరకొచ్చినట్టు. అప్పుడు సగం మొక్కలు మెడ మెత్తబడి వంగుతయి. మెడను వేలితోటి నొక్కున్రి. బోలుగ, మెత్తగ వంగితే లోపల కొత్త ఆకు వస్తలేదని గుర్తు.

ఇప్పటిసంది నీళ్ళు ఆరు రోజులకోసారి, ఫిబ్రవరి నడుమ నుంచి మొత్తం బంద్.

---

లలిత_మిషిగన్
2024 ఫిబ్రవరి 11, ఉదయం 8:00

ఆకుల లెక్క మా గట్టి మెడ రకానికీ ఇదే. మేము కూడా కింది మూడు ఎండాక తీస్తాం. పూకాడ మాత్రమే చూస్తే ఒక్కోసారి తప్పుతుందని నాకు కూడా ఇప్పుడు అర్థమవుతోంది.

---

సుజాత_శంకర్‌పల్లి
2024 ఫిబ్రవరి 24, ఉదయం 7:15

125 రోజులు. ఫ్రిజ్ సాలును 19నే తీసేశాను. ఈ రెండు రోజులుగా మబ్బు పట్టి ఉంది. మిగతా సాళ్ళలో కింది మూడు ఆకులు ఎండాయి, పైన అయిదు పచ్చగా ఉన్నాయి, మూడో వంతు మొక్కలు వంగాయి. వాన పడేలోపు తీసేయనా, ఇంకో నాలుగు రోజులు ఆగనా?

---

ఖేడ్_మాణయ్య
2024 ఫిబ్రవరి 24, ఉదయం 9:50

ఒకటి కోసి చూడున్రి. రెబ్బల నడుమ పొట్టు పల్చగ కాగితం లెక్క అయి, పైపొర వేలితోటి జరిగితే ఇవాళనే తీయొచ్చు. వాన పడి మన్ను తడిసినంక తీసుడు కంటే మూడు రోజులు ముందు తీసుడే మేలు. ఇంకా తడిగ ఉంటే, వాన భయం లేకపోతే ఆగున్రి.

---

సుజాత_శంకర్‌పల్లి
2024 ఫిబ్రవరి 24, సాయంత్రం 6:30

కోశాను. పొట్టు పలచబడింది కానీ ఇంకా పూర్తిగా ఆరలేదు. మబ్బు విడిపోతోంది, అందుకే బుధవారం దాకా ఆగుతాను.

---

సుజాత_శంకర్‌పల్లి
2024 ఫిబ్రవరి 28, రాత్రి 8:00

129 రోజులకు తీశాను. మెడ పట్టి లాగితే రెండు తెగాయి, ఎర్రమట్టి గట్టిపడింది. ఆ తర్వాత గడ్డకు జానెడు దూరంలో గునపం దించి మట్టి కదిపి పైకి ఎత్తాను. కడగలేదు, ఆకు కోయలేదు. వరండాలో నీడకు పలచగా పరిచాను. ఎండలో పెట్టొచ్చా?

---

ఖేడ్_మాణయ్య
2024 ఫిబ్రవరి 28, రాత్రి 9:15

ఎండల వద్దు, రెబ్బ ఉడికినట్టు అయితది. మా చేన్ల రెండు రోజులు సాలు మీదనే పరుస్తం, కానీ పక్క సాలు ఆకు గడ్డను కప్పేటట్టు. మీకు వరండ ఉన్నది కదా, పది పదిహేను రోజులు గాలి ఆడేటట్టు ఉంచున్రి. ఆకు మొత్తం ఎండి, మెడ పట్టి తిప్పితే గట్టిగ, ఎండుగ ఉండాలె. అప్పుడు కట్టలు కట్టి ఏలాడదీయిన్రి, లేదా మెడ అంగుళం ఉంచి కోయిన్రి.

వసుంధరమ్మా, మీ ప్రశ్న నాకు యాదికున్నది. మెడ ఎండకముందే సంచిల కట్టినా, గాలి ఆడని డబ్బల పెట్టినా, ఫ్రిజ్‌ల పెట్టినా మొలకలొస్తయి. గాలి తగిలే చోట ఏలాడదీస్తే ఆరు నెలలు ఉంటది.

---

అనంత_వసుంధర
2024 మార్చి 1, ఉదయం 10:10

ఇన్ని రోజులు ఫ్రిజ్‌లో పెట్టేదాన్ని మాణయ్యగారూ, అదే తప్పన్నమాట. ఒక అనుమానం. మొలకలొచ్చిన తెల్లగడ్డలనే మళ్ళా నాటుకోవచ్చా ఇప్పుడు?

---

ఖేడ్_మాణయ్య
2024 మార్చి 1, రాత్రి 8:40

మార్చిల పెడితే ఎండకు ఆకు కాలిపోతది. కుండీల నీడకు పెట్టి ఆకు కోసుకోన్రి, గడ్డ మాత్రం రాదు.

---

సుజాత_శంకర్‌పల్లి
2024 మార్చి 17, రాత్రి 7:50

ఎండినవన్నీ ఇవాళ తూచాను. ఫ్రిజ్ సాలుతో కలిపి నూట నలభై ఒక్క గడ్డలు, రెండున్నర కిలోలు. పెద్దది ముప్పై రెండు గ్రాములు. తొమ్మిది ఒంటి గడ్డలు, అవన్నీ రెబ్బ సన్నగా ఉన్న చోట వచ్చినవే.

ఫ్రిజ్ సాలు సగటున పదహారు గ్రాములు, మామూలు సాళ్ళు పద్దెనిమిది. కానీ గోడ వైపు సాలు కదా, ఆ చివర మధ్యాహ్నం తర్వాత నీడ పడుతుంది. బరువు తేడా నీడ వల్లో ఫ్రిజ్ వల్లో చెప్పలేను. తొమ్మిది రోజులు ముందు తయారైంది, ఆరింటికి పిలకలొచ్చాయి, ఆ రెండూ మాత్రం ఫ్రిజ్ వల్లే అనిపిస్తోంది.

---

రఘు_మిద్దెతోట
2024 మార్చి 17, రాత్రి 9:05

నా మూడో బ్యాగ్‌లో ఏడు గడ్డలు, నూట పది గ్రాములు. పోయినేడు ఇరవై పెట్టిన బ్యాగ్‌లో మొత్తం కలిపి తొంభై వచ్చింది. ఫ్రిజ్ మాట మీద నేను ఇంకా వెనక్కు తగ్గను సుజాత గారూ, మిద్దె మీద రాత్రి వేడి నేల కంటే ఎక్కువ. వచ్చే అక్టోబరులో పది రోజులే ఫ్రిజ్‌లో ఉంచి పెడతాను, ఇరవై కాదు. అన్నా, మీరేమంటారు?

---

ఖేడ్_మాణయ్య
2024 మార్చి 18, ఉదయం 5:50

మిద్దె వేడి మాట నాకు నచ్చింది, దాని గురించి నేను చెప్పలేను, నాకు మిద్దె లేదు. ఒక బ్యాగ్ పది రోజులది, ఒకటి ఉత్తది పెట్టు. రెండూ ఒకే చోట, ఒకే ఎండల ఉండాలె, సుజాతక్క గోడ లెక్క కావద్దు.

అక్కా, ఆ ముప్పై గ్రాముల గడ్డలు వంటకు తీయకున్రి. అవి విత్తనానికి వేరుగ కట్టి ఏలాడదీయిన్రి. మీ నేలకు, మీ చలికి అలవాటు పడ్డ గడ్డలు గవి.

---

సుజాత_శంకర్‌పల్లి
2024 మార్చి 18, ఉదయం 8:30

పెద్దవి పద్దెనిమిది ఏరి, అటకకు కింద కిటికీ పక్కన కట్టాను. ఈసారి ఫ్రిజ్ సాలును మడి నడుమ పెడతాను.